రికవరీ నోటీసులో రెండు ప్రశ్నలు

జీతం ఎక్కువ ఇచ్చేశాం, తిరిగి కట్టండి అంటూ ఆఫీసు ఇచ్చే కాగితం చాలాసార్లు ఒక పేజీకి మించదు. పైన ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ. కింద "ఆడిట్ అభ్యంతరం మేరకు మీ వేతన స్థిరీకరణ సవరించడమైనది, అధికంగా చెల్లించిన మొత్తాన్ని ఎందుకు వసూలు చేయరాదో తెలుపగలరు" అని ఒక పొడుగాటి వాక్యం. చివర్లో ఒక అంకె. అందుకున్న మనిషి కళ్లు ఆ అంకె మీదే ఆగిపోతాయి. రెండు లక్షలు, మూడు లక్షలు, రిటైర్మెంటు ముందు. ఆ కంగారులో రాసే జవాబు కూడా ఆ అంకె గురించే ఉంటుంది: నా తప్పేమీ లేదు, మన్నించండి, మాఫీ చేయండి.

నిజానికి ఆ పొడుగాటి వాక్యంలో ఆఫీసు చెప్పిన సంగతులు రెండు. మీ జీతం ఇంతకాలం తప్పుగా లెక్కకట్టాం కాబట్టి ఇకపై తగ్గిస్తున్నాం అనేది ఒకటి. ఇదివరకు ఇచ్చిన తేడా వెనక్కి తీసుకుంటాం అనేది రెండోది. ఈ రెండింటికీ చట్టం వేరు, జవాబు వేరు. మొదటిదాన్ని పట్టించుకోకుండా రెండోదాని మీదే పోరాడి, రికవరీ ఆగిందని సంతోషపడి, తగ్గిన బేసిక్ మీద తగ్గిన పెన్షన్‌తో మిగిలిపోయేవాళ్లు ఉంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జిల్లా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉన్నారనుకోండి. 2026 జూన్ 30న రిటైర్ అవుతారు. 2025 అక్టోబరులో ఆమె పెన్షన్ కాగితాలు సిద్ధం చేస్తుండగా సర్వీస్ రిజిస్టరులో ఒక ఎంట్రీ మీద ఆడిట్ వేలుపెట్టింది. 2016లో ఆమెకు జూనియర్ అసిస్టెంట్ నుంచి పదోన్నతి వచ్చింది. పదోన్నతి మీద వేతనం స్థిరీకరించేటప్పుడు కింది పోస్టులో ఒక ఇంక్రిమెంట్ కలిపి, దాని మీద పై స్కేలులో కూర్చోబెడతారు. ఆ లాభం పదోన్నతి రోజునే కావాలా, తర్వాతి ఇంక్రిమెంట్ తేదీ నుంచి కావాలా అన్నది ఉద్యోగి ఎంచుకోవచ్చు. ఏదో ఒకటే. అప్పటి గుమస్తా పదోన్నతి రోజున ఒకసారి ఇచ్చి, 2017 జనవరి 1న ఆమె ఇంక్రిమెంట్ తేదీ రాగానే అదే లాభం మళ్లీ ఇచ్చాడు. సూపరింటెండెంట్ సంతకం పెట్టాడు, ట్రెజరీ బిల్లు పాస్ చేసింది. ఆ రోజు నుంచి ఆమె జీతం ఒక ఇంక్రిమెంట్ మేర ఎక్కువగా నడుస్తూ వచ్చింది. ఈ మధ్యలో పీఆర్సీ వచ్చినప్పుడు ఆ తప్పుడు బేసిక్ మీదే కొత్త స్కేలు కట్టారు కాబట్టి తప్పు కూడా పెరిగింది.

నోటీసులో మొత్తం 2,06,000 రూపాయలు. ఇది ఎలా వచ్చిందో సుమారు అంకెల్లో చూద్దాం. 2017 జనవరి నుంచి 2021 డిసెంబరు దాకా 60 నెలలు, నెలకు డీఏ, ఇంటి అద్దె భత్యంతో కలిపి తేడా 1,600 చొప్పున 96,000. ఆ తర్వాత 2025 ఆగస్టు దాకా 44 నెలలు, నెలకు 2,500 చొప్పున 1,10,000.

ఇప్పుడు మొదటి సంగతి ఖరీదు ఎంతో చూడండి. ఆమె బేసిక్‌లో తగ్గేది ఒక ఇంక్రిమెంట్, 1,700 రూపాయలనుకుందాం. పెన్షన్ చివరి జీతంలో సగం కాబట్టి నెలకు 850 తగ్గుతుంది. దానిమీద కరవు భృతి కూడా తగ్గుతుంది. గ్రాట్యుటీ తగ్గుతుంది, కమ్యుటేషన్ తగ్గుతుంది, తర్వాత కుటుంబ పెన్షన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. కరవు భృతితో కలిపి నెలకు వెయ్యి పైన, బతికినన్నాళ్లూ. పదిహేనేళ్లలో ఆ నష్టం ఒక్కటే నోటీసులోని రెండు లక్షలకు చేరువవుతుంది. అందుకే నోటీసు చదవడం "ఈ సవరణ సరైనదేనా" అన్న ప్రశ్నతో మొదలవ్వాలి.

చదివేటప్పుడు ముందు చూడాల్సింది అది నోటీసా, ఉత్తర్వా అన్నది. "ఎందుకు వసూలు చేయరాదో తెలుపగలరు" అని ఉంటే షోకాజ్ నోటీసు. నిర్ణయం ఇంకా జరగలేదు. "నెలకు ఇంత చొప్పున ఇన్ని వాయిదాల్లో వసూలు చేయవలసినదిగా ఆదేశించడమైనది" అని ఉంటే అది ఉత్తర్వు. మిమ్మల్ని అడగకుండానే వచ్చిందన్నమాట. అలా అడగకుండా జీతం తగ్గించడం చెల్లదని సుప్రీంకోర్టు 1994లోనే భగవాన్ శుక్లా కేసులో చెప్పింది. ఆయన రైల్వే ఉద్యోగి. 1970లో 190 రూపాయలుగా కట్టిన బేసిక్‌ను 1991లో, ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లి, 181కి తగ్గించారు. తేడా తొమ్మిది రూపాయలే. అయినా ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తగ్గించడం సహజ న్యాయానికి విరుద్ధమని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఏ నోటీసూ లేకుండా మీ జీతం బిల్లులో కోత కనిపిస్తే మీ మొదటి అభ్యంతరం ఇదే.

తర్వాత చూడాల్సింది ఏ రూలు కింద తప్పు అంటున్నారన్నది. "ఆడిట్ అభ్యంతరం మేరకు" అన్నది కారణం కాదు. ఆడిట్ వాళ్లు అభ్యంతరం చెబుతారు, అభ్యంతరాలు వెనక్కి తీసుకుంటారు కూడా. నిర్ణయం తీసుకోవాల్సింది మీ అధికారి. ఆడిట్ పేరా నకలు, 2016 నాటి స్థిరీకరణ ఉత్తర్వు, అప్పుడు మీరిచ్చిన ఆప్షన్ కాగితం, సర్వీస్ రిజిస్టరులో సంబంధించిన పేజీలు, నెలవారీ డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంటు అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. దానికి 30 రోజుల గడువు ఉంటుంది. కానీ నోటీసులో జవాబుకు ఇచ్చేది చాలాచోట్ల ఏడు రోజులో పదిహేను రోజులో. కాబట్టి కాగితాలు చేతికొచ్చేదాకా ఊరుకోకుండా, గడువు లోపలే "ఈ పత్రాలు ఇస్తే పూర్తి వివరణ ఇస్తాను, అంతవరకు సమయం ఇవ్వగలరు" అని ఒక ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్వార్డ్ ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకపోతే రేపు "జవాబు ఇవ్వలేదు కాబట్టి అంగీకరించినట్టే" అని ఫైలులో రాసుకుంటారు.

డ్యూ-డ్రాన్ అంటే రావాల్సినది ఎంత, తీసుకున్నది ఎంత అని నెలనెలా పక్కపక్కన పెట్టిన పట్టిక. చాలా ఆఫీసుల్లో దీన్ని బేసిక్ తేడా తీసుకుని అన్ని భత్యాలూ శాతాల ప్రకారం కలిపేసి తయారుచేస్తారు, పాత బిల్లులు తీసి చూడరు. మన సీనియర్ అసిస్టెంట్ 2018, 2019 సంవత్సరాల్లో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉన్నారనుకోండి. ఆ 24 నెలలు ఆమె ఇంటి అద్దె భత్యం తీసుకోనేలేదు. పట్టికలో మాత్రం నెలకు 200 చొప్పున దాన్ని కూడా కలిపారు. అంటే 4,800 ఆమె తీసుకోని డబ్బు. అది పోతే మిగిలేది 2,01,200. మొత్తంతో పోలిస్తే చిన్న అంకె, కానీ పట్టిక బిల్లులు చూడకుండా వేశారని ఆ ఒక్క తప్పే రుజువు చేస్తుంది, మిగతా నెలలన్నీ మళ్లీ సరిచూడమని అడిగే హక్కునిస్తుంది. జీతం లేని సెలవులు, సగం జీతం సెలవులు, సస్పెన్షన్ కాలం, డిప్యుటేషన్‌లో వేరే ఆఫీసు జీతమిచ్చిన నెలలు, ఇవన్నీ ఇలాగే తప్పిపోయే చోట్లు. ఇంకో తరహా తప్పు కూడా ఉంటుంది. స్థిరీకరణ సవరిస్తే ఎక్కడో మీకు రావాల్సింది పెరగవచ్చు, ఉదాహరణకు ఇంక్రిమెంట్ తేదీ ముందుకు జరగవచ్చు. రాబట్టాల్సినది మాత్రమే లెక్కేసి, ఇవ్వాల్సినది వదిలేయడం అరుదు కాదు.

పత్రాలు చేతికొచ్చాక మొదటి ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. మన ఉదాహరణలో ఒకే లాభం రెండుసార్లు ఇచ్చారన్నది స్పష్టమే అయితే, సవరణను ఎదిరించడంలో అర్థం లేదు. తప్పుగా కట్టిన జీతాన్ని ముందుకాలానికి సరిదిద్దుకునే అధికారం యజమానికి ఉంటుంది. కానీ రెండో ఎంట్రీకి వేరే ఆధారం ఉండొచ్చు: ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేలో, జూనియర్ కంటే సీనియర్ జీతం తక్కువైనప్పుడు చేసే స్టెప్పింగ్ అప్పో, తర్వాత వచ్చిన ప్రభుత్వ వివరణో. అలా అయితే జవాబులో అదే మొదట రావాలి, జీవో నంబరుతో సహా. దీన్ని వదిలేసి నేరుగా "మాఫీ చేయండి" అని రాస్తే తప్పు జరిగిందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇక రెండో ప్రశ్న. తప్పు నిజమే అనుకున్నా, పాత డబ్బు వెనక్కి తీసుకోవచ్చా? ఇక్కడ అందరి నోటా వినిపించే పేరు రఫీక్ మసీహ్. పంజాబ్ ప్రభుత్వం మీద కేసుల గుంపులో ఆయన పేరు ముందుంది, తీర్పు శీర్షికలో ఆయన పేరు పక్కన గోడలకు సున్నం వేసే ఉద్యోగి అనే రాసి ఉంటుంది. 2014 డిసెంబరు 18న జస్టిస్ జగదీశ్ సింగ్ ఖేహర్, జస్టిస్ అరుణ్ మిశ్రా ఇచ్చిన ఆ తీర్పు, ఉద్యోగి మోసం లేకుండా, యజమాని తప్పు వల్ల ఎక్కువ చెల్లింపు జరిగినప్పుడు ఐదు పరిస్థితుల్లో రికవరీ చెల్లదని చెప్పింది. గ్రూప్ సి, డి స్థాయి ఉద్యోగుల నుంచి వసూలు చేయకూడదు. రిటైరైనవారి నుంచి, రికవరీ ఉత్తర్వు తేదీ నుంచి ఏడాదిలోపు రిటైర్ కాబోయేవారి నుంచి చేయకూడదు. ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించిన కాలం పాటు ఎక్కువ చెల్లింపు జరిగివుంటే చేయకూడదు. కింది పోస్టులో ఉండాల్సిన మనిషితో పై పోస్టు పని చేయించి ఆ జీతం ఇచ్చివుంటే చేయకూడదు. ఇవేవీ కాకపోయినా, వసూలు చేయడం మరీ అన్యాయమని, కఠినమని కోర్టుకు అనిపిస్తే చేయకూడదు.

మన సీనియర్ అసిస్టెంట్‌కు ఇందులో మూడు వర్తిస్తాయి. ఎక్కువ చెల్లింపు 104 నెలలు, ఎనిమిదేళ్లు దాటింది. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. పోస్టు మినిస్టీరియల్, నాన్ గెజిటెడ్. ఈ చివరిది మాత్రం కాస్త వివరించి రాయాలి, ఎందుకంటే తీర్పులో వాడిన గ్రూపుల పేర్లు కేంద్ర ప్రభుత్వపు లెక్క. మన దగ్గర వాడుకలో ఉన్నవి గెజిటెడ్, నాన్ గెజిటెడ్, లాస్ట్ గ్రేడ్ లాంటి మాటలు. తన పోస్టు ఏ తరగతికి సమానమో ఒక వాక్యంలో చెబితే చాలు. ఐదేళ్ల నియమం దగ్గర ఆఫీసులు ఒక బేరం పెడుతుంటాయి: పాతది వదిలేస్తాం, చివరి ఐదేళ్లది కట్టండి అని. తీర్పు మాటల్లో అలాంటి విభజన లేదు. చెల్లింపు ఐదేళ్లకు మించి సాగిన సందర్భాన్నే అది రికవరీకి మినహాయింపుగా చెప్పింది.

కేంద్ర ఉద్యోగుల విషయంలో ఈ ఐదు పరిస్థితులనూ సిబ్బంది శాఖ 2016 మార్చి 2 నాటి మెమోలో చేర్చింది. అయితే మాఫీకి ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం అనుమతి కావాలని కూడా ఆ మెమో చెబుతుంది. అందువల్ల కింది అధికారి "నా చేతిలో లేదు" అంటే అది నిజమే కావచ్చు. పైకి పంపమని అడగాలి.

రఫీక్ మసీహ్ పేరు రాయగానే పని అయిపోదు. ఉద్యోగి తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినా, సమాచారం దాచినా ఆ తీర్పు కాపాడదు. అంతకుముందే 2008లో సయ్యద్ అబ్దుల్ ఖాదిర్ కేసులో కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది: ఎక్కువ వస్తోందని ఉద్యోగికి తెలిసివున్నా, తప్పు కొద్దికాలంలోనే బయటపడినా రికవరీ విషయంలో పరిస్థితి వేరు అని. అందుకే మీ జవాబులో "స్థిరీకరణ పూర్తిగా ఆఫీసు చేసినది, నేను ఏ తప్పుడు సమాచారమూ ఇవ్వలేదు, తప్పు ఉందని నాకు ఈ నోటీసు వచ్చేదాకా తెలియదు" అన్న మూడు మాటలూ, నిజమైతే, ఉండి తీరాలి.

అన్నిటికంటే గట్టి చిక్కు హామీపత్రం. పీఆర్సీ వచ్చినప్పుడు ఆప్షన్ ఫారంతో పాటు "ఎక్కువ చెల్లింపు జరిగినట్టు తేలితే తిరిగి కడతాను" అని చాలామంది చేత సంతకం చేయిస్తారు. హర్యానాలో జగదేవ్ సింగ్ అనే న్యాయాధికారి ఇలాగే రాసిచ్చారు. ఆయన నిర్బంధ రిటైర్మెంటు తర్వాత 1,22,003 రూపాయలు కట్టమన్నారు. 2016 జులై 29న సుప్రీంకోర్టు, హామీ రాసిచ్చిన మనిషికి రిటైరైనవారికిచ్చే రక్షణ వర్తించదని, అయితే రెండేళ్లలో వాయిదాలుగా వసూలు చేయమని చెప్పింది. ఆడిట్ వాళ్లు ఇప్పుడు ప్రతి నోటీసులోనూ ఈ తీర్పే చూపిస్తారు.

అలాంటప్పుడు హామీపత్రం నకలు అడిగి, అందులో అక్షరమక్షరం ఏముందో చదవాలి. అది ఫలానా పీఆర్సీ స్థిరీకరణకు సంబంధించిన హామీ మాత్రమే అయితే, మన ఉదాహరణలోలాగా తప్పు 2016 పదోన్నతి దగ్గర పుట్టిందని, హామీ దానికి వర్తించదని వాదించవచ్చు. కింది స్థాయి ఉద్యోగుల విషయంలో జగదేవ్ సింగ్ తీర్పు ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై హైకోర్టుల్లో రెండు రకాల అభిప్రాయాలూ ఉన్నాయి. గెలుపు ఖాయమని చెప్పే లాయరునీ, ఏమీ లాభం లేదని చెప్పే సూపరింటెండెంటునీ ఇద్దరినీ కొంచెం అనుమానంగానే చూడాలి.

కొత్తగా మళ్లీ హామీ రాసివ్వడం మాత్రం తొందరపడి చేయకూడని పని. పెన్షన్ ఫైలు టేబుల్ మీద ఉన్నప్పుడు వినిపించే మాట అందరికీ తెలుసు: "మేడం, సమ్మతి రాసిచ్చేయండి, గ్రాట్యుటీలో పట్టుకుంటాం, ఫైలు ఇవాళే కదులుతుంది." ఆ సంతకంతో రికవరీ స్వచ్ఛందం అయిపోతుంది. తప్పనిసరై సంతకం చేయాల్సి వస్తే, దాని పక్కనే "అభ్యంతరంతో, నా హక్కులు వదులుకోకుండా" అని సొంత చేతితో రాయడం మేలు.

ఇక జవాబు. ఒకటిన్నర పేజీ చాలు. మన సీనియర్ అసిస్టెంట్ అసలు విషయం ఇలా రాయవచ్చు:

"తేదీ ఫలానా నోటీసు నాకు ఫలానా రోజున అందింది. 2016 నాటి నా వేతన స్థిరీకరణ పూర్తిగా కార్యాలయం చేసినది. అందులో నా ప్రమేయం గానీ, తప్పుడు సమాచారం గానీ లేవు. స్థిరీకరణ సవరణపై నా అభ్యంతరాలను ఆప్షన్ పత్రం, ఆడిట్ పేరా నకళ్లు అందిన తరువాత తెలుపుకుంటాను. ఈ జవాబును సవరణకు అంగీకారంగా పరిగణించరాదు. రికవరీ విషయమై: చెల్లింపు 2017 జనవరి నుంచి ఎనిమిదేళ్లకు పైగా జరిగినది, నేను 30.06.2026న పదవీ విరమణ చేయనున్నాను, నా పోస్టు నాన్ గెజిటెడ్ మినిస్టీరియల్ పోస్టు. కావున సుప్రీంకోర్టు 18.12.2014 నాటి తీర్పు ప్రకారం రికవరీ చెల్లదు. లెక్క విషయమై: 2018, 2019లో నేను ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉన్నందున ఇంటి అద్దె భత్యం తీసుకోలేదు, బిల్లుల ప్రకారం పట్టికను సరిచేయగలరు. ఈ జవాబుపై కారణాలతో కూడిన ఉత్తర్వు ఇచ్చేవరకు జీతంలో గానీ, గ్రాట్యుటీలో గానీ కోత విధించవద్దని మనవి."

మూడు విషయాలూ వేరు వేరుగా ఉండటం గమనించండి. చివరి వాక్యంలోని "కారణాలతో కూడిన ఉత్తర్వు" ముఖ్యం. మీరు చెప్పిన ఒక్కో మాటకు ఎందుకు ఒప్పుకోలేదో రాయకుండా "వివరణ సంతృప్తికరంగా లేదు" అని ఒక్క లైనులో తోసేస్తే, కోర్టులో మొదట నిలవనిది ఆ లైనే. అలాంటి ఉత్తర్వు వచ్చినా, జవాబే లేకుండా కోత మొదలైనా రాష్ట్ర ఉద్యోగి వెళ్లాల్సింది హైకోర్టుకు, కేంద్ర ఉద్యోగి వెళ్లాల్సింది కేంద్ర పరిపాలన ట్రిబ్యునల్‌కు. కోత మొదలైన నెలలోనే వెళ్లి స్టే అడగడానికీ, మొత్తం పట్టుకున్నాక తిరిగిమ్మని అడగడానికీ చాలా తేడా ఉంది. రిటైరైపోయాక వెళ్లకూడదని మాత్రం కాదు. కేరళలో థామస్ డేనియల్ అనే ఉపాధ్యాయుడు 1999లో రిటైరయ్యారు. ఆయన నుంచి రికవరీ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది 2022 మే 2న.

రికవరీ తప్పదని తేలితే ఆదాయపు పన్ను గుర్తుపెట్టుకోవాలి. ఆఫీసు అడిగేది పన్ను కోయకముందు మొత్తం. ఆ తేడా మీద మీరు ఏటా పన్ను కట్టేశారు. పాత సంవత్సరాల రిటర్నులు సవరించే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్నుతో రీఫండ్ అడగడం కుదరదు. కాబట్టి కోత పడిన ఏడాది జీతపు ఆదాయంలోంచి ఆ మొత్తాన్ని తగ్గించి చూపమని డీడీఓను ముందే రాతపూర్వకంగా అడగాలి. ఒకే నెలలో పట్టుకోకుండా వాయిదాలు కోరడం కూడా అప్పుడే.

ప్రైవేటు ఉద్యోగులు ఈ తీర్పులన్నీ తమకు కూడా వర్తిస్తాయనుకుంటే పొరపాటు. అవి ప్రధానంగా ప్రభుత్వం యజమానిగా ఉన్న చోట పుట్టినవి. కంపెనీల్లో ఎక్కువ చెల్లించిన వేతనాన్ని సర్దుబాటు చేసుకోవడానికి పాత వేతన చెల్లింపు చట్టం ఒప్పుకుంది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా ఒప్పుకుంటుంది. కాకపోతే అన్ని కోతలూ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదన్న పరిమితి ఉంది. పేరోల్ సాఫ్ట్‌వేర్ పొరపాటుతో పోయిన నెల జీతం రెండుసార్లు ఖాతాలో పడితే వాదించడానికేమీ లేదు, తిరిగి ఇవ్వాల్సిందే. అక్కడ అడగాల్సింది లెక్క, వాయిదాలు, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అదే మొత్తం మళ్లీ పట్టుకోలేదన్న రాతపూర్వక ధ్రువీకరణ.